ప్రాజెక్టుకు గీటురాయి

పాఠ్యభాగ ఉద్దేశం

విద్యార్థుల బృందం చేసిన ప్రాజెక్టును ఏ అంశాల ఆధారంగా కొలవాలి, ఆ అంశాలు పాఠ్య లక్ష్యాలతో ఎలా ముడిపడి ఉండాలి, అవి విద్యార్థికి ముందుగానే అర్థమయ్యే మాటలలో ఎందుకు ఉండాలి అనే విషయాలను కోనసీమ నేపథ్యంలోని ఒక ఉదాహరణ ద్వారా వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

బంగారం నాణ్యత తెలుసుకోవడానికి కంసాలి దానిని గీటురాయిపై గీసి చూస్తాడు. నగ పనితనం ఎంత ముచ్చటగా ఉన్నా, దాని వన్నెను చెప్పేది రాతిపై పడిన గీతయే. పనితనాన్ని చూసి బంగారానికి వెలకట్టేవాడు మోసపోతాడు. విద్యార్థులు బృందంగా చేసే ప్రాజెక్టుల విషయంలోనూ ఇటువంటి పొరపాటు జరిగే అవకాశం ఉంది. గీటురాయి లేనిచోట కంటికి ఇంపైనదే ఎక్కువ మార్కులు పొందుతుంది.

ఉదాహరణకు అమలాపురం పరిసరాలలోని ఒక జూనియర్ కళాశాలను ఊహించవచ్చు. ద్వితీయ సంవత్సరం అర్థశాస్త్రంలో వ్యవసాయ రంగాన్ని బోధించిన అధ్యాపకురాలు, కోనసీమ రైతులు 2011లో ప్రకటించిన పంట విరామాన్ని గూర్చి ప్రాజెక్టు చేయమని విద్యార్థులకు చెప్పింది. అయిదుగురు చొప్పున బృందాలు ఏర్పడ్డాయి. గడువు నాటికి వచ్చిన ప్రాజెక్టులలో రెండు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి.

మొదటిది పెద్ద చార్టు. అంచుల వెంట కొబ్బరి చెట్లు, మధ్యలో థర్మాకోల్‌తో చేసిన కాలువ, రంగురంగుల అక్షరాలు. పంట విరామానికి కారణమేమిటన్న చోట మాత్రం 'గిట్టుబాటు ధర లేకపోవడం' అనే ఒక్క వాక్యమే ఉంది. రెండవది పన్నెండు తెల్లకాగితాల వ్రాతప్రతి. అట్ట కూడా లేదు. కాని అందులో సొంత భూమి సాగుచేసే రైతుతోను, కౌలు రైతుతోను జరిపిన సంభాషణలు, ఎకరా సాగు ఖర్చుల లెక్క, పొలం పక్కనున్న మురుగు కాలువ వర్ణన ఉన్నాయి. ఇరవై మార్కులకు మొదటి బృందానికి పద్దెనిమిది, రెండవ బృందానికి పదకొండు వచ్చాయి.

రెండవ బృందంలోని విద్యార్థి ఒకడు, "మేడమ్, మా దానిలో తప్పేమిటి?" అని అడిగాడు. ఆమె వద్ద సమాధానం లేదు. "ఇంకా బాగా చేయవలసింది" అని మాత్రమే చెప్పగలిగింది. ఆ 'బాగా' అనే మాటకు అర్థమేమిటో ఆమె ముందుగా నిర్ణయించుకోలేదు, విద్యార్థులకు చెప్పనూ లేదు. మరుసటి సంవత్సరం అదే ప్రాజెక్టు ఇవ్వడానికి ముందు ఆమె ఒక మూల్యాంకన పట్టికను తయారుచేయ పూనుకొంది.

రూబ్రిక్ అంటే ఏమిటి?

ఇటువంటి పట్టికనే విద్యారంగంలో రూబ్రిక్ అంటారు. ఎర్రమన్ను అనే అర్థమిచ్చే లాటిన్ పదం నుండి ఈ మాట పుట్టింది. ఐరోపాలోని పూర్వకాలపు వ్రాతప్రతులలో శీర్షికలను, పాటించవలసిన సూచనలను ఎర్రసిరాతో వ్రాసేవారు. క్రమంగా ఆ సూచనలకే రూబ్రిక్ అనే పేరు స్థిరపడింది. ఎర్రసిరా అనగానే విద్యార్థికి గుర్తువచ్చేది దిద్దిన జవాబు పత్రం. అది పని ముగిసిన తరువాత పడే ఎరుపు. రూబ్రిక్ పని మొదలుకాక ముందే చేతికి అందవలసిన ఎరుపు.

ఈ పట్టికలో మూడు భాగాలు ఉంటాయి. ఏ అంశాలను పరిశీలిస్తారో తెలిపేవి అడ్డవరుసలు. ప్రతి అంశంలోను పని ఏ మెట్టున ఉన్నదో తెలిపేవి స్థాయిలు. ఆయా స్థాయిలలో పని ఎలా కనిపిస్తుందో చెప్పే వాక్యాలు గడులలోని వర్ణనలు. 'విషయం 10, చిత్రాలు 5, సమర్పణ 5' అని వ్రాసినంత మాత్రాన అది రూబ్రిక్ కాదు. అది మార్కుల పంపకం మాత్రమే. పదిలో ఆరు ఎప్పుడు వస్తాయో, తొమ్మిది ఎప్పుడు వస్తాయో అది చెప్పదు. వర్ణనలే రూబ్రిక్‌కు ప్రాణం.

తెలుగునాట పాఠశాలలకు ఈ ఆలోచన కొత్తది కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని పేర్కొంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం 2011లో వెలువడిన తరువాత వచ్చిన పాఠ్యపుస్తకాలలో విద్యా ప్రమాణాల పేరుతో విద్యార్థి సాధించవలసిన సామర్థ్యాలను ముద్రించారు. ప్రాజెక్టు పని మూల్యాంకన సాధనాలలో ఒకటిగా చేరింది. అయితే సామర్థ్యాల జాబితా ఒకచోట, మార్కులు మరొకచోట ఉంటే సరిపోదు. ఆ రెంటినీ కలపడమే పట్టిక చేయవలసిన పని.

మొదటి మెట్టు: పాఠం ఏమి కోరుతున్నది?

పట్టిక తయారీ పట్టికతో మొదలు కాదు, పాఠంతో మొదలవుతుంది. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, సముద్రానికి చేరువలో ఉన్న కోనసీమకు ధవళేశ్వరం ఆనకట్ట నుండి సాగునీరు అందుతుంది. నీరు రావడం ఎంత ముఖ్యమో, పొలంలోని అదనపు నీరు బయటికి పోవడమూ అంతే ముఖ్యం. పల్లపు భూములలో మురుగు కాలువలు పూడుకుపోతే నాట్లు మునిగిపోతాయి. ముంపు, కూలీల కొరత, పెరిగిన పెట్టుబడి, ధాన్యానికి తగిన ధర రాకపోవడం వంటి కారణాలను చూపుతూ 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు వరి వేయకుండా పొలాలను బీడుగా వదిలారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. 2022లో కోనసీమలోని కొన్ని మండలాల రైతులు మళ్లీ పంట విరామం మాట ఎత్తారు.

ఈ పాఠం చదివిన విద్యార్థి ఏమి చేయగలగాలి? అధ్యాపకురాలు మొదట 'పంట విరామాన్ని గూర్చి తెలుసుకోవడం' అని వ్రాసుకొంది. తరువాత కొట్టివేసింది. ఒకనికి తెలిసినదీ లేనిదీ ఇతరులకు కనబడదు. అతడు లెక్కకట్టినది, వివరించినది, పోల్చినది మాత్రమే కనబడుతుంది. కాబట్టి లక్ష్యాలను కంటికి కనిపించే క్రియలతో తిరిగి వ్రాసింది.

ఒకటి: ఒక రైతు ఎకరా సాగుకు పెట్టిన ఖర్చును, వచ్చిన రాబడిని లెక్కకట్టి లాభనష్టాలను చెప్పగలగాలి.

రెండు: పంట విరామానికి దారితీసిన కారణాల మధ్యనున్న సంబంధాన్ని ఆధారాలతో వివరించగలగాలి.

మూడు: ఒకే సంఘటన భూయజమానికి, కౌలు రైతుకు, వ్యవసాయ కూలీకి ఎలా వేర్వేరుగా పరిణమించిందో పోల్చగలగాలి.

ఈ మూడు లక్ష్యాలు ఒకదానినొకటి ఎలా అందిపుచ్చుకుంటాయో చిన్న లెక్క వలన తెలుస్తుంది. 2011-12లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. గోదావరి ప్రాంతంలో ధాన్యాన్ని 75 కిలోల బస్తాలలో లెక్కిస్తారు. ఆ ధర చొప్పున బస్తాకు 810 రూపాయలు. అభ్యాసం కోసం ఎకరాకు 25 బస్తాల దిగుబడి, 16,000 రూపాయల ఖర్చు, 10 బస్తాల కౌలు అనుకుంటే, సొంత భూమి గల రైతుకు 20,250 రూపాయలు వచ్చి 4,250 మిగులుతుంది. కౌలు రైతుకు కౌలు పోగా మిగిలే 15 బస్తాలకు వచ్చేది 12,150 రూపాయలే. అతనికి 3,850 రూపాయల నష్టం. అదే చేను, అదే పంట, అదే ధర. ఒకరికి కొద్దిపాటి మిగులు, మరొకరికి అప్పు. మద్దతు ధర కూడా చేతికందక తక్కువకు అమ్ముకుంటే ఇద్దరి పరిస్థితీ మరింత దిగజారుతుంది. పొలం బీడు పడితే నాట్లు వేసే, కోతలు కోసే కూలీకి ఆ ఋతువులో ఆ పని ఉండదు. 'గిట్టుబాటు ధర లేదు' అనే ఒక్క వాక్యం ఈ తేడాలను చెప్పలేదు. విద్యార్థి చెప్పగలగాలన్నదే పాఠం కోరిక.

రెండవ మెట్టు: అంశాలను లక్ష్యాలతో సరిచూడడం

అధ్యాపకురాలు గత సంవత్సరం తన మనస్సులో ఉన్న అంశాలను నిజాయితీగా ఒక కాగితంపై వ్రాసింది. ఆకర్షణ, చేతివ్రాత, పుటల సంఖ్య, చిత్రాలు, బృంద ఐక్యత, విషయం. వాటి ఎదురుగా మూడు లక్ష్యాలను వ్రాసి, ఏ అంశం ఏ లక్ష్యానికి చెందుతుందో గీత గీసి చూసింది. 'విషయం' ఒక్కటే లక్ష్యాలను తాకింది. అదీ మూడింటినీ కలిపి అస్పష్టంగా తాకింది. మిగిలిన అయిదు అంశాల నుండి ఏ గీతా బయలుదేరలేదు. రెండవ బృందం ఎందుకు నష్టపోయిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఈ సరిచూడడం రెండు వైపుల నుండి జరగాలి. లక్ష్యం లేని అంశం పట్టికలో ఉంటే విద్యార్థి శ్రమ దారి తప్పుతుంది. అంశంగా మారని లక్ష్యం మిగిలిపోతే దానిని ఎవరూ పట్టించుకోరు. ఆమె మొదటి కాగితంలో పోలికకు చోటే లేదు. కూలీని కలవని బృందానికి ఒక్క మార్కు కూడా తగ్గేది కాదు.

అయితే చేతివ్రాత, శుభ్రత అక్కరలేదా? చదవడానికి వీలుకాని వ్రాతను కొలవడం సాధ్యం కాదు. కాబట్టి వాటిని మార్కుల అంశాలుగా కాక, సమర్పణకు ముందు తీర్చవలసిన షరతులుగా ఉంచవచ్చు. వ్రాత చదవడానికి వీలుగా ఉండాలి, సభ్యుల పేర్లు ఉండాలి, ఎవరితో ఎప్పుడు మాట్లాడారో తేదీ ఉండాలి. లోపమున్న ప్రతిని సరిచేసుకొని రమ్మని తిప్పి పంపవచ్చు. అంతేగాని థర్మాకోల్ కొనగలిగిన వారికి మార్కులు, కొనలేని వారికి కోత అనే పరిస్థితి ఉండరాదు. చార్టు తయారుచేయడమే లక్ష్యమైన పాఠంలో మాత్రం అక్షరాల పొందిక, బొమ్మల స్పష్టత న్యాయమైన అంశాలవుతాయి. ఏ అంశమూ తనంత తాను మంచిది కాదు, చెడ్డది కాదు. అది ఏ లక్ష్యానికి చెందుతున్నదన్నదే ప్రశ్న.

చివరకు నాలుగు వరుసలు నిలిచాయి. ఖర్చు రాబడుల లెక్కకు 4 మార్కులు, కారణాల సంబంధానికి 8, ముగ్గురి స్థితిగతుల పోలికకు 4, ప్రతి విద్యార్థి విడిగా ఇచ్చే మౌఖిక వివరణకు 4. మొత్తం 20. పాఠంలో ఎక్కువ కాలం కారణాల చర్చకే వెచ్చించారు కాబట్టి ఆ వరుసకు రెట్టింపు బరువు లభించింది.

మూడవ మెట్టు: గడులు నింపడం

పట్టికలో అన్నిటికంటె కష్టమైన పని వర్ణనలు వ్రాయడం. చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు అని నాలుగు స్థాయిలు వ్రాయడం తేలిక. కాని అవి మార్కులకు మారుపేర్లే తప్ప వర్ణనలు కావు. వాటిని చదివిన విద్యార్థి ఏమి చేయాలో తెలుసుకోలేడు. వర్ణనలో దిద్దేవారి మెప్పు గాక, కాగితంపై కనిపించే పని ఉండాలి.

సంఖ్యలతో పని తీర్చుకోవాలనే ఆశ కూడా కలుగుతుంది. 'అయిదు కారణాలు వ్రాస్తే నాలుగు మార్కులు, నాలుగు వ్రాస్తే మూడు' అని ఆమె ఒకసారి వ్రాసి చూసింది. అటువంటి పట్టిక చేతికందితే విద్యార్థులు చేసే పని ఊహించడం కష్టం కాదు. 'కూలీల కొరత' అనే ఒక్క కారణాన్ని 'కూలీలు దొరకకపోవడం', 'కూలి పెరగడం' అని రెండుగా చీల్చి అయిదు పూర్తిచేస్తారు. లెక్క పెరుగుతుంది, అవగాహన పెరగదు. లక్ష్యం కారణాల సంఖ్యను అడగలేదు, వాటి మధ్య సంబంధాన్ని అడిగింది. కాబట్టి వర్ణన ఆ సంబంధాన్నే పట్టుకోవాలి. ఆమె వ్రాసిన వరుస ఇలా ఉంది.

నాలుగవ స్థాయి: ఒక కారణం మరొక కారణానికి ఎలా దారితీసిందో చూపారు. ప్రతి ముడికీ ఆధారాన్ని జతచేశారు. తమ వివరణకు సరిపడని సమాచారం ఎదురైతే దానిని కూడా పేర్కొన్నారు.

మూడవ స్థాయి: కారణాల మధ్య సంబంధాన్ని చూపారు. చాలా ముడులకు ఆధారం ఉంది. ఒకటి రెండింటికి లేదు.

రెండవ స్థాయి: కారణాలను ఆధారాలతో చెప్పారు. కాని విడివిడిగా జాబితాగా ఇచ్చారు.

మొదటి స్థాయి: కారణాలను పేర్కొన్నారు. ఆధారం లేదు.

ఈ స్థాయిల భేదం ఒక ఉదాహరణలో చూడవచ్చు. 'డ్రెయిన్ పూడింది, పెట్టుబడి పెరిగింది, అప్పులయ్యాయి' అని ఆధారాలతో విడివిడిగా చెబితే అది రెండవ స్థాయి. 'డ్రెయిన్‌లో పూడిక, గుర్రపుడెక్క చేరడం వలన నీరు లాగలేదు. నాట్లు కుళ్లి మళ్లీ నాటవలసి వచ్చింది. రెండవసారి నాట్లకు కౌలు రైతు వడ్డీకి అప్పు తెచ్చాడు' అని చెప్పి, మళ్లీ నాటినట్లు రైతు చెప్పిన మాటను, అప్పు తెచ్చినట్లు కౌలు రైతు చెప్పిన మాటను చూపి, మొదటి ముడికి మాత్రం ఆధారం చూపలేకపోతే మూడవ స్థాయి. దానికి కూడా ఆధారం చూపి, ముంపు లేని మెరక చేల రైతులు కొందరు పంట మానకపోవడం వంటి అంశం ఏదైనా కనబడితే దానిని దాచకుండా చెబితే నాలుగవ స్థాయి. నాలుగింటికి కొలత ఒక్కటే. మెట్లు మాత్రమే వేరు. ఒక స్థాయిలో ఆధారాలను గూర్చి, మరొక స్థాయిలో భాషను గూర్చి వ్రాస్తే అది మెట్లవరుస కాజాలదు.

నాలుగవ మెట్టు: విద్యార్థి భాషలో పరీక్షించడం

పట్టిక తయారైనదని అధ్యాపకురాలికి తోచిన దశలో అసలు పరీక్ష మొదలయింది. ఆమె గత సంవత్సరపు రెండు ప్రాజెక్టులను పేర్లు తొలగించి కొత్త విద్యార్థుల చేతికిచ్చి, పట్టికను అనుసరించి వారినే స్థాయిలు నిర్ణయించమంది. చాలా గడులలో అభిప్రాయాలు కలిశాయి. కొన్నింటిలో ఒకరు ఒకటవ స్థాయి అంటే మరొకరు నాలుగవది అన్నారు. ఒక మెట్టు తేడా సహజం. రెండు, మూడు మెట్ల తేడా వస్తే తప్పు విద్యార్థిది కాదు, వాక్యానిది.

ఆ తేడాకు మూలం 'ప్రాథమిక ఆధారం' అనే మాటలో దొరికింది. మొదటి ప్రతిలో ఆమె 'ప్రతి ముడికీ ప్రాథమిక ఆధారం ఉంది' అని వ్రాసింది. పరిశోధకుల భాషలో ప్రాథమిక ఆధారమంటే మూలం నుండి నేరుగా తెచ్చుకొన్నది. ప్రాథమిక పాఠశాల, ప్రాథమిక చికిత్స అనే మాటలకు అలవాటుపడిన విద్యార్థులకు అది 'మొదటి మెట్టులోని సులభమైన ఆధారం' అని తోచింది. అందువలన రైతుతో నేరుగా మాట్లాడి వ్రాసిన భాగాన్ని కొందరు తక్కువ స్థాయిగా భావించారు. ఆమె ఆ మాటను తీసివేసి, ఆధారం అంటే మీరు స్వయంగా చూసినది, సంబంధిత వ్యక్తి నుండి విన్నది, లేదా ధాన్యం అమ్మిన రసీదు, సొసైటీ రుణ పుస్తకం వంటి కాగితంలో చదివినది అని పట్టిక కిందనే వ్రాసింది. పోలిక వరుసలోని 'విశ్లేషించారు' అనే మాట కూడా మారింది. దానిని విద్యార్థులు 'విపులంగా వ్రాశారు' అని అర్థం చేసుకున్నారు. దాని స్థానంలో 'ముగ్గురిలో ఎవరికి ఏమి నష్టం, ఎందుకు అనే తేడా చూపారు' అని వ్రాయగానే తగాదా తీరిపోయింది.

ఒక విద్యార్థిని మరొక ప్రశ్న లేవనెత్తింది. "కారణాల సంబంధాన్ని చక్కగా చూపి, ఒక్క ఆధారం కూడా ఇవ్వకపోతే ఏ స్థాయి?" నాలుగు గడులలో దేనిలోనూ ఆ పనికి చోటు లేదు. 'ఆధారం లేనప్పుడు సంబంధం చూపినా ఈ స్థాయే' అనే వాక్యం మొదటి స్థాయిలో చేరింది. దిద్దేటప్పుడు రావలసిన సందేహం ముందే వచ్చి తీరిపోయింది. సులభమైన మాట వాడడమంటే ప్రమాణాన్ని తగ్గించడం కాదు. ఆధారం అదే, సంబంధం అదే. వాటిని చేరే దారి మాత్రమే తేటపడింది.

బృందం, వ్యక్తి

బృంద ప్రాజెక్టులో తీరని చిక్కు ఒకటి ఉంది. అయిదుగురి పేర్లున్న పనిని ఇద్దరే చేసి ఉండవచ్చు. దీనికి మందుగా 'సహకారం' అనే వరుస పెట్టి, ఒకరికొకరు మార్కులు వేసుకొమ్మంటే స్నేహాలు, అలకలు మార్కులుగా మారుతాయి. పైగా సహకారం ఈ పాఠ లక్ష్యాలలో లేదు. ప్రతి విద్యార్థి ఆ మూడు పనులను చేయగలగాలన్నదే లక్ష్యం. కాబట్టి వ్యక్తిగత వరుస కూడా దానినే అడగాలి. నాలుగు మార్కుల మౌఖిక వివరణలో ప్రతి విద్యార్థినీ తాను వ్రాయని భాగం నుండి ఒక ముడిని వివరించమని అడుగుతారు. లెక్క కట్టినవారిని కూలీ స్థితిని గూర్చి, సంభాషణలు వ్రాసినవారిని లెక్కను గూర్చి అడుగుతారు. ఈ సంగతి ముందే తెలిస్తే పని పంచుకొన్నవారు ఒకరి పని మరొకరికి నేర్పక తప్పదు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. రాజోలు వైపు తీరగ్రామాల నుండి వచ్చేవారు ఉప్పునీటి ముంపును ఇంటిముందే చూడగలరు. కొత్తపేట వైపు లంక గ్రామాల వారికి వరి కంటె అరటి తోటలు దగ్గర. సాయంత్రం తరువాత బయటి ఊళ్లకు వెళ్లడానికి ఇంటివారు ఒప్పుకోని ఆడపిల్లలు కూడా ఉంటారు. 'మూడు గ్రామాలను సందర్శించారు' అని పట్టికలో వ్రాస్తే బస్సు ఛార్జీ, ఇంటి అనుమతి ఉన్నవారికే మార్కులు దక్కుతాయి. లక్ష్యం ప్రయాణాన్ని కోరలేదు, ఆధారాన్ని కోరింది. సొంత వీధిలోని కౌలు రైతు మాటకూ, దూరపు ఊరిలోని కౌలు రైతు మాటకూ పట్టికలో ఒకే విలువ ఉండాలి.

పట్టిక వలన తేలినది

సవరించిన పట్టికతో ఆ పాత ప్రాజెక్టులను అధ్యాపకురాలు తిరిగి చూసింది. మౌఖిక వివరణ అప్పుడు జరగలేదు కాబట్టి మిగిలిన 16 మార్కులకే లెక్క. చార్టులో ఎకరా లెక్క అసంపూర్ణం, అది మొదటి స్థాయి. కారణానికి ఆధారం లేదు, అదీ మొదటి స్థాయి. కౌలు రైతును పేర్కొన్నారే గాని తేడా చూపలేదు, అదీ మొదటి స్థాయే. కారణాల వరుసకు రెట్టింపు బరువు గనుక 1, 2, 1 కలిపి 4 మార్కులు. తెల్లకాగితాల ప్రతిలో లెక్క మూడవ స్థాయి, కారణాలు మూడవ స్థాయి. పోలికలో కూలీ లేడు, అది రెండవ స్థాయి. 3, 6, 2 కలిపి 11 మార్కులు.

ఈ అంకెలను చూసి ఆమె పాత మార్కులను మార్చలేదు. మార్చడం న్యాయమూ కాదు. చార్టు చేసినవారికి ఆ పట్టిక అప్పుడు తెలియదు. అందమే కొలత అని వారు భావించారంటే, ఆ భావం వారికి కలిగించినది ఆమె మౌనమే. చెప్పని నియమంతో తీర్పు చెప్పరాదు. కాని రెండవ బృందపు విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు సమాధానం దొరికింది. "లెక్క బాగున్నది. కారణాలను ముడివేశారు. డ్రెయిన్ వలననే నాట్లు పోయాయనడానికి ఆధారం చూపలేదు. కూలీని అడగడం మరచిపోయారు." 'ఇంకా బాగా చేయవలసింది' అనే మాటకూ దీనికీ మధ్యనున్న దూరమే పట్టిక చేసిన ఉపకారం.

పట్టికకు హద్దులు కూడా ఉన్నాయి. వరుసలు పది పన్నెండు అయితే విద్యార్థి చదవడు, దిద్దేవారు కూడా ఒక్కొక్క గడిని నిదానించి చూడరు. ఎంత జాగ్రత్తగా వ్రాసినా దిద్దే మనస్సు మొదటి ప్రతి వద్ద కఠినంగా, ఇరవయ్యవ ప్రతి వద్ద మెత్తగా ఉండవచ్చు. అందువలన ఇద్దరు అధ్యాపకులు కొన్ని ప్రతులను విడివిడిగా దిద్ది, తేడా వచ్చిన గడులను గూర్చి మాట్లాడుకోవడం మంచిది. పట్టిక ఊహించని మంచి పని కూడా ఎదురవుతుంది. ఒక బృందం 2011 నాటి మాటలను 2022 నాటి మాటలతో పోల్చి తీసుకురావచ్చు. దానికి గడి లేదు. అటువంటి దానిని పట్టిక కింద ఖాళీలో వాక్యంగా వ్రాసి మెచ్చుకోవాలే గాని, ప్రకటించని మార్కులు కలపరాదు. మరుసటి సంవత్సరపు లక్ష్యాలలో ఆ పోలికకు చోటివ్వవచ్చు.

కొత్త సంవత్సరంలో పట్టిక ప్రాజెక్టుతో పాటే విద్యార్థుల చేతికి అందింది. ఒక బృందం రైతులను కలిసి తిరిగి వస్తూ పట్టికను మరొకసారి చదువుకుంది. మూడవ వరుస దగ్గర ఆగి, తాము ఇంకా కూలీని అడగలేదని గుర్తించింది. వారు వెనుదిరిగి, కాలువగట్టు మీద అప్పుడే పని దిగి వస్తున్న ఒక ముసలమ్మ దగ్గరకు వెళ్లారు. ఆ సంవత్సరం పంట వేయనప్పుడు మీరేమి చేశారని అడిగారు. పంట విరామాన్ని గూర్చి తనను ఆ ప్రశ్న అడిగినవారు అంతవరకు ఎవరూ లేరని ఆమె చెప్పింది.

పదాలు – అర్థాలు

గీటురాయి: బంగారం వన్నెను పరీక్షించే నల్లరాయి, ప్రమాణం
వన్నె: బంగారపు నాణ్యత
మూల్యాంకనం: విలువ కట్టడం
కౌలు: భూమి వాడుకొన్నందుకు యజమానికి చెల్లించే ధాన్యం లేదా సొమ్ము
మెరక: ఎత్తైన నేల
పల్లం: లోతట్టు నేల
బీడు: సాగుచేయక వదిలిన భూమి
మౌఖికం: నోటితో చెప్పేది

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నకు వ్యాసరూప సమాధానం వ్రాయండి.
1. మూల్యాంకన పట్టికలోని అంశాలను పాఠ్య లక్ష్యాలతో రెండు వైపుల నుండి ఎందుకు సరిచూడాలి? పాఠ్యభాగంలోని ఉదాహరణతో వివరించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. 'అయిదు కారణాలు వ్రాస్తే నాలుగు మార్కులు' అనే వర్ణనలోని లోపమేమిటి?
2. 'ప్రాథమిక ఆధారం' అనే మాటను విద్యార్థులు ఎలా అర్థం చేసుకున్నారు?
3. పాత ప్రాజెక్టుల మార్కులను అధ్యాపకురాలు ఎందుకు మార్చలేదు?

ఇ) ప్రాజెక్టు పని
ఖర్చు రాబడుల లెక్క అనే అంశానికి నాలుగు స్థాయిల వర్ణనలను మీ బృందం వ్రాయాలి. మరొక బృందానికి ఇచ్చి, వారు మీ మాటలను మీరు అనుకున్న అర్థంలోనే గ్రహించారో లేదో పరిశీలించండి.